రాగి లోపల పెట్టిన ఛార్జ్ ఎంతసేపు ఉంటుంది? 10⁻¹⁹ సెకన్ల జవాబు వెనక ఉన్న కథ

విజయవాడలోనూ గుంటూరులోనూ ఈసీఈ చదివే పిల్లలకి రెండో సంవత్సరంలో ఒక చిన్న ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. రిలాక్సేషన్ టైమ్ అంటే ఏమిటి, రాగికి దాని విలువ ఎంత అని. నోట్సులో జవాబు రెడీగా ఉంటుంది: τ = ε/σ, ఇందులో τ అంటే లోపలి ఛార్జ్ తరిగిపోయే కాలం, ε పదార్థపు పర్మిటివిటీ, σ దాని వాహకత్వం, విలువ 1.5 × 10⁻¹⁹ సెకన్లు, కాబట్టి వాహకం లోపల ఛార్జ్ నిలవదు. మార్కులు వస్తాయి, అక్కడితో అయిపోతుంది. అయితే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి అడుగుతారు, "సార్, ఎలక్ట్రాన్ ఒక్కసారి గుద్దుకోవడానికే అంతకన్నా చాలా ఎక్కువ టైమ్ పడుతుందని పోయిన సెమ్‌లో చెప్పారు కదా, మరి ఇదెలా కుదురుతుంది?" అని. చాలా మంచి ప్రశ్న ఇది. దీనికి సూటిగా జవాబు చెప్పాలంటే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి నుంచీ చూడాలి.

ఛార్జ్ అంతా పైనే ఉంటుందని ముందు తెలిసింది, ఎంత వేగంగా పైకి చేరుతుందనేది చాలా తర్వాత వచ్చిన ప్రశ్న. 1755లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక వెండి పాత్రకి ఛార్జ్ ఇచ్చి, పట్టు దారానికి కట్టిన బెండు బంతిని లోపలికి దించాడు. బయట గోడ వైపు లాగబడే బంతి లోపల గోడ వైపు కదలనే లేదు. ఎందుకో తనకి తెలియదని ఆయన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ దీన్ని పట్టుకుని, గుల్లగా ఉన్న గోళం లోపల గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి విద్యుత్ బలం కూడా దూరం వర్గానికి విలోమంగానే తగ్గుతుండాలని ఊహించాడు. 1772-73లో హెన్రీ కావెండిష్ దాన్ని కొలిచాడు. ఒక గోళం, దాని చుట్టూ మూసుకునే రెండు అర్ధగోళాలు, మధ్యలో ఒక తీగ. బయటి గోళానికి ఛార్జ్ ఇచ్చి, తీగ తీసేసి, అర్ధగోళాలు విప్పి లోపలి గోళాన్ని పరీక్షిస్తే దాని మీద ఏమీ దొరకలేదు. ఆయన ఇది అచ్చు వేయించలేదు, 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితాలు వెలికి తీసి ప్రచురించేదాకా లోకానికి తెలియలేదు. ఈలోగా 1785లోనే ఆ విలోమ వర్గ నియమం కూలుంబ్ పేరు మీద స్థిరపడిపోయింది.

ఒకటి గమనించాలి. ఇవన్నీ చివరికి ఛార్జ్ ఎక్కడ ఉంటుందో చెప్పే ప్రయోగాలు. మధ్యలో ఎంత సమయం పట్టిందో వీటిలో దేనికీ తెలియదు, ఆ కాలపు పరికరాలతో తెలిసే అవకాశమూ లేదు. ఆ ప్రశ్న కండక్షన్ బాగా తక్కువగా ఉన్న పదార్థాల వైపు నుంచి వచ్చింది. ఛార్జ్ నిలవచేసే గాజు సీసా అయిన లైడెన్ జాడీని ఖాళీ చేసి కాసేపు వదిలేస్తే మళ్లీ కొంచెం ఛార్జ్ పుట్టుకొచ్చేది, అందరికీ అదొక చిక్కుముడి. మాక్స్‌వెల్ 1873 నాటి తన గ్రంథంలో ఏమన్నాడంటే, గాజు లాంటి పదార్థం పూర్తి ఇన్సులేటర్ కాదు, కొంచెం కరెంట్‌ని పోనిస్తుంది, పైగా పొరపొరకీ ε, σ వేరువేరుగా ఉంటే పొరల సరిహద్దుల్లో ఛార్జ్ పోగుపడి నెమ్మదిగా బయటికి వస్తుంది. ε, σ రెండూ కలిసి ఒక కాలాన్ని నిర్ణయిస్తాయనే ఆలోచన ఇలాంటి పదార్థాలతో ముడిపడి పెరిగింది, అక్కడ ఆ కాలాలు సెకన్లలో, గంటల్లో ఉంటాయి. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. మందకొడి పదార్థాల్లో అందంగా సరిపోయే సూత్రాన్ని తెచ్చి రాగిలో పెట్టడం దగ్గరే తేడా వచ్చింది.

సూత్రం రాబట్టడం మూడు మెట్ల పని. ఒకటి, ఛార్జ్ మాయం కాదు, ఒక చోట తగ్గితే అక్కడి నుంచి కరెంట్‌గా బయటికి వెళ్లి ఉండాలి: ∂ρ/∂t = −∇·J, ఇందులో ρ ఛార్జ్ సాంద్రత, J కరెంట్ సాంద్రత. రెండు, ఓమ్ నియమం: J = σE, ఇందులో E విద్యుత్ ఫీల్డ్. మూడు, గాస్ నియమం: ∇·E = ρ/ε. రెండోదాన్నీ మూడోదాన్నీ మొదటిదాంట్లో పెడితే, పదార్థం అంతటా ఒకేలా ఉన్నంత వరకూ, ∂ρ/∂t = −(σ/ε)ρ వస్తుంది. జవాబు ρ = ρ₀e^(−t/τ). రాగికి σ సుమారు 5.8 × 10⁷ సీమెన్స్ పర్ మీటర్, ε కి శూన్యపు విలువ ε₀ = 8.85 × 10⁻¹² పెడితే 1.5 × 10⁻¹⁹ సెకన్లు. లెక్కలో తప్పేమీ లేదు.

ఇక్కడ చాలామంది దాటేసే ఒక విషయం ఉంది. ఈ సమీకరణంలో స్థానం గురించిన డెరివేటివ్ ఒక్కటి కూడా మిగల్లేదు. అంటే లోపల ఒక చోట పెట్టిన ఛార్జ్ ముద్ద పక్కకి పాకుతూ, వ్యాపిస్తూ ఉపరితలానికి చేరడం లేదు. ఉన్న చోటే తరిగిపోతుంది, మధ్య దారిలో ఉన్న బిందువుల్లో ρ మొదట సున్నా అయితే చివరిదాకా సున్నాగానే ఉంటుంది, అయినా అదే లెక్కలో ఉపరితలం మీద అంతే ఛార్జ్ తేలుతుంది. ఎందుకంటే దారి పొడవునా ఎలక్ట్రాన్లన్నీ కలిసి చాలా కొద్దిగా జరుగుతాయి. మధ్యలో ప్రతి చిన్న ఘనంలోకి ఎన్ని వచ్చాయో అన్నీ బయటికి పోయాయి, అందుకని అక్కడ మార్పు కనబడదు. చిన్న దూరం జరిగితే చాలు కాబట్టి, ఇంత తక్కువ టైమ్‌లో ఎలక్ట్రాన్ అంత దూరం ఎలా వెళ్లిందనే అభ్యంతరం నిలవదు. అసలు అభ్యంతరం వేరే ఉంది.

అది ఓమ్ నియమంలో ఉంది. 1900లో పాల్ డ్రూడే లోహాల్లో ఎలక్ట్రాన్లని వాయువులా ఊహించి, ఫీల్డ్ వాటిని తోస్తుంటుంది, గుద్దుకోవడాలు వాటి వేగాన్ని చెరిపేస్తుంటాయి, ఈ రెండూ సర్దుకున్నాక సగటున మిగిలేదే J = σE అని చూపించాడు. అంటే σ అనే సంఖ్యలోనే చాలా ఢీల సగటు దాగి ఉంది. రాగిలో మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఢీకి ఢీకి మధ్య కాలం సుమారు 2.5 × 10⁻¹⁴ సెకన్లు. 1.5 × 10⁻¹⁹ దానికి లక్ష రెట్లకి పైగా చిన్నది. ఒక్క ఢీ కూడా జరగని వ్యవధిలో ఢీల సగటు మీద కట్టిన నియమాన్ని వాడాం. మొదటి పేరాలో విద్యార్థి అడిగింది సరిగ్గా ఇదే.

సరిచేయడం కష్టం కాదు. ఓమ్ నియమం బదులు, ఫీల్డ్ పడగానే కరెంట్ పుట్టదు, ఢీ కాలం τc మేరకి నిదానంగా పెరుగుతుందని రాస్తే, సమీకరణం సెకండ్ ఆర్డర్‌ది అవుతుంది:

∂²ρ/∂t² + (1/τc) ∂ρ/∂t + ωp² ρ = 0

ఇది స్ప్రింగుకి కట్టిన బరువు నూనెలో ఊగడం లాంటిదే. ωp అంటే ప్లాస్మా ఫ్రీక్వెన్సీ, ఎలక్ట్రాన్లన్నీ కలిసి సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ. రాగిలో ఘనపు మీటరుకి 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు, దాన్నిబట్టి ωp దాదాపు 1.6 × 10¹⁶ రేడియన్లు పర్ సెకను. ఇప్పుడు ωp పరంగా చూస్తే పాత సూత్రం ఎక్కడిదో తెలుస్తుంది: σ = ε₀ωp²τc కాబట్టి ε₀/σ అంటే 1/(ωp²τc), వేసి చూస్తే అదే 1.5 × 10⁻¹⁹. కానీ ఈ విలువే జవాబు కావాలంటే నూనె చాలా చిక్కగా ఉండాలి, అంటే ωpτc ఒకటి కన్నా బాగా తక్కువ ఉండాలి. రాగిలో అది దాదాపు 400. ఊగడం బలంగా ఉంది, నూనె పలచన. ఎలక్ట్రాన్లు ఫీల్డ్ తోపుకి వేగం అందుకుని, సమతౌల్య స్థానాన్ని దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్లీ దాటుతాయి. ఒక ఊగుకి 4 × 10⁻¹⁶ సెకన్లు పడుతుంది, ఊగు తగ్గే కాలం 2τc, అంటే 5 × 10⁻¹⁴ సెకన్లు. ఈలోగా వందకి పైగా ఊగులు. ఛార్జ్ ఊగు నూరో వంతుకి పడాలంటే 2.3 × 10⁻¹³ సెకన్లు. నిజమైన రాగిలో ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర అణువులకి కట్టుబడిన ఎలక్ట్రాన్లు కూడా శక్తిని లాగేస్తాయి, కాబట్టి ఈ అంకెల్ని స్థాయి వరకే నమ్మాలి, దశాంశాల దాకా కాదు. మన చేతి పనులన్నిటికీ అది క్షణమే, కానీ పుస్తకం చెప్పిన క్షణం కంటే లక్షల రెట్లు పెద్దది.

ఈ లోపాన్ని అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో 1975లో నీల్ ఆష్‌బీ, 1983లో హాన్స్ ఒహానియన్ విడమరిచి రాశారు. ఒహానియన్ ఇంకో మెట్టు పైకి వెళ్లాడు, నాకు అదే ఎక్కువ నచ్చింది. లోపలి ఛార్జ్ పోయినంత మాత్రాన వాహకం సమతౌల్యానికి వచ్చినట్టు కాదు. ఒక సెంటీమీటరు వ్యాసార్థం ఉన్న రాగి గోళం తీసుకుందాం, మధ్యలో కాకుండా ఒక పక్కగా ఛార్జ్ పెట్టాం అనుకుందాం. లోపలి ρ పోవడానికి 10⁻¹³ సెకన్ల స్థాయి. ఫీల్డ్ ఒక చివరి నుంచి రెండో చివరికి చేరడానికి వెలుతురుకే 7 × 10⁻¹¹ సెకన్లు. ఆ కుదుపులో లోపల పుట్టిన సుడి కరెంట్లు, వాటి అయస్కాంత క్షేత్రం చల్లారడానికి పట్టే కాలం μσa²/π², ఇందులో a గోళం వ్యాసార్థం, μ రాగి పర్మియబిలిటీ, వేస్తే దాదాపు 0.7 మిల్లీసెకన్లు. అంటే ఛార్జ్ చెల్లిపోయాక కూడా గోళం లోపల కరెంట్ వందల కోట్ల రెట్లు ఎక్కువసేపు తిరుగుతుంది. సూత్రం అడగనిది కూడా మనమే ఊహించుకుని, వాహకం క్షణంలో శాంతించిందని రాసుకుంటే అది తప్పే.

మరి సూత్రం ఎక్కడ నిజం? τ విలువ ఢీ కాలం కన్నా చాలా పెద్దదైన చోట. సముద్రపు నీటిలో σ సుమారు 4, ε శూన్యపు విలువకి 80 రెట్లు, τ దాదాపు 1.8 × 10⁻¹⁰ సెకన్లు. అక్కడ నిశ్చింతగా వాడొచ్చు. ఇంకా స్పష్టమైన ఉదాహరణ మన పక్కనే ఉంది, కొండపల్లి డిపోల్లో రోజూ ట్యాంకర్లలోకి ఎక్కే పెట్రోలు, డీజిల్. పైపుల్లోంచీ ఫిల్టర్లలోంచీ ఇంధనం పారేటప్పుడు దానిలో ఛార్జ్ పుడుతుంది. బాగా శుద్ధి చేసిన ఇంధనం వాహకత్వం మీటరుకి 1 పికోసీమెన్స్ స్థాయికి పడిపోగలదు, ε రెండు రెట్లు, అప్పుడు τ = 18 సెకన్లు. మూడు τలు గడిస్తే, అంటే 54 సెకన్లకి, 5 శాతం మిగులుతుంది. మిగిలిన ఛార్జ్ నిప్పురవ్వ పుట్టించవచ్చు, అందుకే నింపగానే లోపలికి డిప్ రాడ్ గానీ శాంపిల్ డబ్బా గానీ దించకూడదు, కాసేపు ఆగాలి.

దీన్ని పిల్లలకి చెప్పేటప్పుడు నేను ఒక ప్రశ్న వేస్తాను: ట్యాంకర్‌కి ఎర్త్ వైరు బిగించాం కదా, ఇంకా ఆగడం దేనికి? τలో ట్యాంకర్ గోడ ఎక్కడా లేదు, ఇంధనం ε, σ మాత్రమే ఉన్నాయి. ఎర్త్ చేస్తే గోడకి చేరిన ఛార్జ్ నేలలోకి పోతుంది, అంతే. ద్రవం మధ్యలో ఉన్నది గోడకి చేరడానికి పట్టే 18 సెకన్లని ఎంత లావు వైరు బిగించినా తగ్గించలేం. తగ్గించాలంటే ద్రవాన్నే మార్చాలి. యాంటీస్టాటిక్ అడిటివ్ కొద్దిగా కలిపి వాహకత్వాన్ని 50 పికోసీమెన్స్‌కి తెస్తే τ సుమారు 0.36 సెకన్లకి దిగుతుంది.