పన్నెండుకీ పద్దెనిమిదికీ మధ్య ఎంత నీరు?

ఆనందపురం అవతల ఒక ఊరి నీటి సంఘం అధ్యక్షుడు మొన్న విశాఖ వచ్చి మా ఇంట్లో పంచాయితీ పెట్టాడు. చెరువు తూము నుంచి వచ్చే రెండు బోదెలకీ ఇనుప రేకుతో వి-నాచ్‌లు పెట్టించాడు. తూర్పు బోదెలో నీటి ఎత్తు 12 సెంటీమీటర్లు, పడమర బోదెలో 18. నిష్పత్తి రెండుకి మూడు కదా అని తూర్పుకి మూడు గంటలు, పడమరకి రెండు గంటలు వంతు వేశాడు. "లెక్క సరిగ్గానే ఉంది, అయినా తూర్పోళ్ల మడులు తడవట్లేదు. ఇదేటి లెక్క మాస్టారూ?" అన్నాడు.

వి-నాచ్ అంటే చిన్న కలుజే. కాలువకి అడ్డంగా రేకు నిలబెట్టి, పైఅంచులో లంబకోణంతో 'వి' ఆకారం కోస్తారు. నీరంతా అందులోంచే పొర్లాలి. తిరకాసు ఆ ఆకారంలోనే ఉంది. 'వి' అడుగు మొన నుంచి నీటి ఎత్తు 12 ఉంటే, 'వి'లో నీటిమట్టం దగ్గర వెడల్పు 24. ఎత్తు 18 అయితే వెడల్పు కూడా 36కి పెరుగుతుంది. అంటే నీటికి దొరికే దారి 144 చదరపు సెంటీమీటర్ల నుంచి 324కి, రెండుంపావు రెట్లు పెరిగింది.

అంతటితో ఆగదు. కుండకి పైన ఒక చిల్లు, కింద ఒక చిల్లు పెట్టి చూడండి, కింది చిల్లులోంచి నీళ్లు జోరుగా చిమ్ముతాయి. నాలుగు రెట్లు లోతున ఉన్న చిల్లులోంచి రెండు రెట్ల వేగంతో వస్తాయి. అంటే వేగం లోతు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 'వి'ని ఒకదాని కింద ఒకటి పేర్చిన చిల్లుల వరస అనుకోండి. ఎత్తు ఒకటిన్నర రెట్లయితే వేగం 1.22 రెట్లు. రెండుంపావుని దానితో గుణిస్తే సుమారు 2.75. మాకు చదువులో పారే నీరు ఎత్తుకి రెండున్నర ఘాతం అని బట్టీ పట్టించారు గానీ, ఆ రెండు దారిదనీ, అర వేగానిదనీ ఎవరూ చెప్పలేదు.

```
Q = 0.0138 × H × H × √H
```

నీటి ఎత్తు H సెంటీమీటర్లలో వేస్తే, పారే నీరు Q సెకనుకి లీటర్లలో వస్తుంది. తూర్పుకి 6.9, పడమరకి 19. అంటే పడమర బోదె రెండు గంటల్లో సుమారు 1,37,000 లీటర్లు తాగుతుంటే, తూర్పుకి మూడు గంటల్లో 75,000 కూడా రావట్లేదు. సమానం కావాలంటే తూర్పుకి అయిదున్నర గంటలు పారాలి. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మూడు నెలలుగా తిన్న తిట్లు న్యాయమైనవేనన్నమాట" అన్నాడు.

తర్వాత నేను వెళ్లి చూశాను. గట్టు మీద ఒక ముసలమ్మ, గంగమ్మని కొలిస్తే తరిగిపోతుందని కేకలేసింది. పడమర బోదెలో నిజంగానే తరుగుతోంది, కాకపోతే కొలతలో. స్కేలు రేకుకే అతికించారు. పొర్లబోయే ముందు నీటి మట్టం వంగి కిందికి దిగుతుంది. అక్కడ చూస్తే 17 కనిపించొచ్చు, అసలు ఎత్తు 18 ఉంటుంది. ఆ ఒక్క సెంటీమీటరుతో లెక్కలో పదమూడు శాతానికి పైగా నీరు మాయం. స్కేలు రేకుకి ఎగువన, నీటి ఎత్తుకి కనీసం నాలుగు రెట్ల దూరంలో ఉండాలి. దాని సున్నా 'వి' అడుగు మొనతో సమం కావాలి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో అది అయిదు నిమిషాల పని. నీరు కారడం ఆగిన చోట సున్నా గీయకండి. ఆగాక కూడా నీటి ఉపరితలం బిగువు వల్ల మొనకి పైన కొన్ని మిల్లీమీటర్లు నిలిచిపోతాయి.

తూర్పు బోదెలో వేరే జబ్బు. రేకు ముందు ఒండ్రు మేట వేసింది. మొన నుంచి కాలువ అడుగుకి, నీటి ఎత్తుకి రెండున్నర రెట్లయినా లోతు ఉండాలి. మేట వేస్తే నీరు నిదానించకుండా ఉరుకుతూ వచ్చి పడుతుంది, స్కేలు చూపేదానికన్నా ఎక్కువే పారుతుంది. అదే దిగువన గడ్డి పెరిగి నీరు ఎగదన్ని మొనని ముంచేస్తే సూత్రమే పనికిరాదు. పడే నీటి వెనక గాలి ఆడుతుండాలి. ధార రేకుని అంటుకుని జారుతుంటే ఆ కొలత నమ్మొద్దు. ఎత్తు అయిదు సెంటీమీటర్ల లోపుంటే ఇది తరచూ జరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే పరీక్ష ఉంది. ఎత్తు 6 దగ్గర నిలిచేలా తూము సర్ది, ధార కింద గొయ్యి తీసి 15 లీటర్ల బకెట్ పెట్టండి. పన్నెండు సెకన్లలో నిండాలి. ఆ రోజు ఆయన ఫోన్‌లో గడియారం పట్టుకుని నిలబడ్డాడు. పూడిక తీయక ముందు పదకొండు, తీశాక పన్నెండున్నర వచ్చింది.