షోకాజ్ నోటీసు: “దొంగతనం చేశావు” అని రాస్తేనే గట్టి నోటీసా?

శ్రీకాకుళం జిల్లాలో చిన్న ఫ్యాక్టరీలకు లేబర్ వ్యవహారాలు చూస్తుంటాను. యజమానుల నోట తరచూ వినే మాట ఒకటుంది: “నోటీసు గట్టిగా ఉండాలండీ, దొంగతనం చేశాడని నేరుగా రాసేయండి.” అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. నేరం నోటీసులోనే తేల్చేశాక ఇక సంజాయిషీ అడగడం ఎందుకు? 2010లో ఓరిక్స్ ఫిషరీస్ కేసులో, ముందే నిర్ణయానికి వచ్చేసినట్టు రాసిన షోకాజ్ నోటీసును సుప్రీంకోర్టు కొట్టేసింది. అది ఎగుమతిదారు రిజిస్ట్రేషన్ రద్దు వ్యవహారం, ఉద్యోగి కేసు కాదు. సూత్రం మాత్రం ఇక్కడా అదే.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ సంగతి చెబుతాను. స్టాక్ రిజిస్టర్లో 42 డబ్బాలున్నాయి, గోడౌన్‌లో లెక్కపెడితే 38 తేలాయి. “నాలుగు డబ్బాలు దొంగిలించావు, 24 గంటల్లో జవాబివ్వకపోతే తీసేస్తాం” అని యజమాని నోటీసు టైపు చేయించేశారు. నేను దాన్ని ఆపించి ఇలా మార్చాను: “ఫలానా తేదీన తనిఖీలో రిజిస్టర్ ప్రకారం 42 ఉండాల్సిన చోట 38 డబ్బాలు కనిపించాయి. ఆ రోజు గోడౌన్ బాధ్యత మీది. ఈ తేడాపై మీ వివరణ 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వండి.” రిజిస్టర్ పేజీ, తనిఖీ షీటు కాపీలు జత చేయించాను. కాపీలు ఇవ్వకుండా వివరణ అడిగితే మనిషి దేనికని జవాబు చెబుతాడు?

ఆ గోడౌన్ కుర్రాడు నోటీసు పట్టుకుని నా దగ్గరికే వచ్చి “నా ఉద్యోగం పోయినట్టేనా బాబూ?” అన్నాడు, చెయ్యి వణుకుతోంది. షోకాజ్ అంటే శిక్ష కాదని, అడిగిన దానికే జవాబు రాయమని చెప్పాను. గాలి చొరబడిన మూడు డబ్బాలు మళ్లీ ప్యాకింగ్‌కి వెళ్లినట్టు అతని దగ్గర చీటీలున్నాయి. నాలుగోదానికి లెక్క దొరకలేదు. చీటీలు రిజిస్టర్‌కి ఎక్కించనందుకు హెచ్చరిక లేఖ ఇచ్చారు, అంతే. మొదటి నోటీసే వెళ్లి ఉంటే ఆ చీటీలు వెతికే సమయం కూడా అతనికి దొరికేది కాదు.

గడువు ఎంతన్నది ముందుగా మీ సంస్థ పని నియమాలైన స్టాండింగ్ ఆర్డర్స్‌లో, సర్వీసు నిబంధనల్లో చూడండి. అందులో లేకపోతే మామూలు విషయానికి 7 రోజులు, పాత రికార్డులు తిరగేయాల్సి వస్తే 15 రోజులు ఇమ్మంటాను.

మిగతావి నోటీసు అందుకున్నవారికి, క్లుప్తంగా. నోటీసు తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. తీసుకోకుండా తిప్పి పంపితే మాత్రం అందినట్టే లెక్కేసే అవకాశం ఎక్కువ. ఎవరో చెప్పారని “క్షమించండి, ఇంకెప్పుడూ చేయను” అని రాసిచ్చేయకండి, అదే ఒప్పుకోలుగా మీ ఫైల్లో కూర్చుంటుంది. గడువు చాలకపోతే అది ముగియకముందే, ఏ రికార్డు కాపీ కావాలో పేరుతో సహా రాసి, ఎన్ని రోజులు కావాలో అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి.