బొటనవేలి నొప్పి తగ్గినంత మాత్రాన గౌట్ తగ్గినట్టు కాదు

బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రోజూ వేసుకునే 48 ఏళ్ల వ్యక్తిని ఉదాహరణగా తీసుకుందాం. పెళ్లి విందులో వేట మాంసం, లివర్ వేపుడు తిని, బీరు తాగి, ఎండలో నీళ్లు సరిగా తాగకుండా తిరిగి వచ్చిన ఆయనకు, మర్నాటి తెల్లవారుజామున మూడు గంటలకు కుడికాలి బొటనవేలి మొదట్లో భరించలేని నొప్పితో మెలకువ వచ్చింది. తెల్లారేసరికి కీలు ఎర్రగా వాచి, నున్నగా మెరుస్తూ, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని స్థితికి చేరింది. ఆ రోజే చేయించిన రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 5.9 మిల్లీగ్రాములని వచ్చింది. అది మామూలు స్థాయే కాబట్టి ఇది యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో పేరుకోవడం వల్ల వచ్చే గౌట్ జబ్బు కాదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు.

ఈ పొరపాటు చాలామంది విషయంలో జరుగుతుంది. గౌట్ ఉధృతంగా ఉన్న రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ తాత్కాలికంగా పడిపోవచ్చు కనుక, అప్పుడు వచ్చిన మామూలు అంకె గౌట్ లేదని రుజువు చేయదు. నొప్పి తగ్గి రెండు మూడు వారాలయ్యాక చేసే పరీక్షలోనే అసలు స్థాయి బయటపడుతుంది. మన ఉదాహరణలో అది 8.7గా తేలిందనుకుందాం. నిర్ధారణకు బలమైన ఆధారం కీలులోని ద్రవాన్ని సూదితో తీసి, ప్రత్యేక సూక్ష్మదర్శినిలో సూదుల్లాంటి స్ఫటికాలను చూడటమే. జ్వరం, వణుకు ఉంటే ఈ పరీక్ష ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే కీలులో చీము పట్టినా పైకి ఇలాగే కనిపిస్తుంది.

శరీర కణాల్లోనూ ఆహారంలోనూ ఉండే ప్యూరిన్లు విచ్ఛిన్నమైనప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది. అనేక జంతువుల్లో దాన్ని మరింత కరిగే పదార్థంగా మార్చే యూరికేజ్ ఎంజైము మనకు లేదు. శరీర ఉష్ణోగ్రత వద్ద డెసిలీటరు రక్తంలో సుమారు 6.8 మిల్లీగ్రాములు మించితే అది కరిగిన స్థితిలో నిలవలేక స్ఫటికాలుగా పేరుకోవచ్చు. ఒంటి నడిమి భాగం కంటే పాదాలు చల్లగా ఉంటాయి, చల్లదనంలో కరిగే గుణం ఇంకా తగ్గుతుంది. బొటనవేలి కీలు తరచుగా మొదటి బాధితురాలు కావడానికి ఇదొక కారణం. ఏళ్ల తరబడి మౌనంగా పేరుకున్న స్ఫటికాలు కదిలి బయటపడినప్పుడు, తెల్లరక్తకణాలు వాటిని శత్రువులుగా భావించి దాడి చేస్తాయి. ఆ రాత్రి ఆయన అనుభవించిన మంట ఆ దాడి ఫలితమే.

విందు ఈ దాడిని రేపింది కానీ జబ్బును పుట్టించలేదు. ఎక్కువమందిలో అసలు లోపం మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను తగినంత బయటకు పంపకపోవడం. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్ర ఆ లోపాన్ని పెంచుతుంది. అందుకే ఎంత కఠినంగా పత్యం చేసినా సాధారణంగా తగ్గేది ఒక మిల్లీగ్రాము మేరకే. బీరు, స్పిరిట్లు, లివర్ వంటి అవయవ మాంసాలు, నెత్తళ్లు, తీపి శీతల పానీయాలు తగ్గించడం, నీళ్లు తాగడం, బరువును నెమ్మదిగా దించడం మంచివే. పూర్తి ఉపవాసం మాత్రం వద్దు, అదీ దాడిని రేపగలదు. మన ఇళ్లలో ముందుగా మాన్పించేది పప్పు, పాలకూర. నిజానికి ప్యూరిన్లున్న కూరగాయలు గౌట్ ముప్పును పెంచినట్టు పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. వెన్న తీసిన పాలు, మజ్జిగ మేలు చేసే వైపే ఉన్నాయి. పప్పన్నం మానేసి బీరు కొనసాగించడం వల్ల ప్రయోజనం ఉండదు.

దాడి సమయంలో కొల్చిసిన్, నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లలో ఏది తగునో మూత్రపిండాల స్థితిని బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. చికిత్స లేకున్నా వారం రెండు వారాల్లో నొప్పి తగ్గుతుంది, స్ఫటికాలు మాత్రం అక్కడే ఉంటాయి. దాడులు మళ్లీ మళ్లీ వస్తున్నా, చర్మం కింద స్ఫటికాల గడ్డలు కట్టినా యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ వంటి మందు అవసరమవుతుంది. మన ఉదాహరణలో వ్యక్తికి ఏడాదిలో మూడోసారి దాడి వచ్చాక 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. కొన్ని వారాలకోసారి పరీక్ష చేసి మోతాదు పెంచుతుంటే 8.7 కాస్తా 7.6కు, 6.5కు, చివరికి 300 మిల్లీగ్రాముల వద్ద 5.6కు దిగింది. లక్ష్యం 6 లోపు, గడ్డలుంటే 5 లోపు.

రెండో నెలలో ఆయనకు మళ్లీ దాడి వచ్చింది. మందు పడలేదని మానేయబోయారు. స్థాయి పడిపోతున్నప్పుడు పాత స్ఫటికాలు కరుగుతూ కదలడం వల్లే ఇలా జరుగుతుంది. అందుకే తొలి మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కొల్చిసిన్ తోడుగా ఇస్తారు, దాడి మధ్యలోనూ అల్లోప్యూరినాల్ ఆపరు. వెంటనే ఆపాల్సిన సందర్భం ఒకటుంది: చర్మంపై దద్దుర్లు, జ్వరం, నోటిలో పుండ్లు కనిపిస్తే మాత్ర మాని అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. ఈ ప్రమాదం అరుదు, వచ్చేది ఎక్కువగా తొలి నెలల్లోనే.

బీపీ మాత్రను లోసార్టన్‌కు మార్చవచ్చేమో కూడా ఆయన వైద్యుణ్ణి అడగాలి, అది యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గిస్తుంది. ఎవరికి వారే మార్చుకోకూడదు. 5.6 వచ్చాక కూడా మాత్ర కొనసాగుతుంది, ఎందుకంటే ఆపిన కొద్ది వారాల్లోనే స్థాయి మునుపటి చోటికి చేరి, కీళ్లలో స్ఫటికాలు మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది.