పదానికి ఎంత, ఏ భాష పదానికి: తెలుగు-ఇంగ్లీషు అనువాదంలో అపోహలు, వాస్తవాలు

దస్తావేజులు, కోర్టు కాగితాలు, సర్టిఫికెట్లు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించడం నా పని. కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది "పదానికి ఎంత తీసుకోవాలి?" అని. దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఏ భాష పదానికి? అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: పదానికి రూపాయిన్నర అంటే రూపాయిన్నరే, ఎలా లెక్కేసినా ఒకటే.

ఒకటి కాదు. తెలుగులో ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి. "సదరు ఆస్తిని నాకు గల సర్వహక్కులతో మీకు విక్రయించడమైనది" అన్న వాక్యంలో ఏడు పదాలున్నాయి. దాన్ని నేను ఇంగ్లీషులో రాస్తే పదిహేడు వచ్చాయి. అన్ని వాక్యాలూ ఇంత సాగవు. నా ఫైళ్ళలో మొత్తం మీద చూస్తే, వెయ్యి తెలుగు పదాలకు ఇంగ్లీషులో పధ్నాలుగు, పదిహేను వందల దాకా వస్తాయి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేసేవాళ్ళకి మూలం పదాల మీద లెక్క లాభమే, మనకి మాత్రం నష్టం. చాలా ఏజెన్సీలు అన్ని భాషలకూ మూలం పదాల మీదే లెక్కగడతాయి. అందులో కుట్రేమీ లేదు, వాళ్ళకి అలవాటైన పద్ధతి అది. మనం నోరు తెరిచి అడిగితే కొందరు మారుస్తారు కూడా.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్కాన్ చేసిన చేతిరాత దస్తావేజులో కంప్యూటర్ పదాలు లెక్కపెట్టలేదు. పాత రైటర్లు మాటల మధ్య ఖాళీ వదలకుండా గొలుసులా రాసుకుపోయేవారు. అక్కడ ఒక పదం ఎక్కడ ముగిసిందో మీరొకటి అంటారు, క్లయింటు ఇంకొకటి అంటాడు. అందుకే చేతిరాత కాగితాలకు నేను పూర్తయిన ఇంగ్లీషు పదాల మీదే రేటు చెబుతాను. ఆ లెక్క ఇద్దరి స్క్రీన్ మీదా ఒకేలా కనిపిస్తుంది.

అపోహ: మార్కెట్ రేటు ఎంతో కనుక్కుని అదే చెప్పాలి.

మార్కెట్లో ముప్పై పైసలకు చేసేవాళ్ళూ ఉన్నారు, మూడు రూపాయలకు చేసేవాళ్ళూ ఉన్నారు. ఆ రెండింటి సగటు మీ ఇంటి అద్దె కట్టదు. రేటు గంట నుంచి పుట్టాలి.

నా లెక్క ఇలా ఉంటుంది. నెలకు ఇంటికి 42,000 కావాలి. ఇంటర్నెట్, కరెంటు, బ్యాంకు కోతలు, కంప్యూటర్ అరుగుదల కలిపి ఇంకో 7,500. మొత్తం 49,500. రోజుకి ఎనిమిది గంటలు కూర్చున్నా, డబ్బు వచ్చే పని ఐదు గంటలే. మిగతాది ఈమెయిళ్ళు, బిల్లులు, రేటు బేరాలు. నెలకు 22 రోజులు వేసుకుంటే 110 గంటలు. అంటే గంటకు 450 రూపాయలు రావాలి.

ఇప్పుడు వేగం చూడండి. శుభ్రంగా టైపు చేసిన తెలుగు అయితే, సరిచూసుకోవడం కలిపి, గంటకు 250 తెలుగు పదాలు చేస్తాను. ఇంగ్లీషులో అవి దాదాపు 375. కాబట్టి తెలుగు పదానికి 1.80, లేదా ఇంగ్లీషు పదానికి 1.20. ఈ రెండూ ఒకే రేటు, చూడ్డానికి మాత్రం ఎంత తేడాగా ఉన్నాయో!

ఒకసారి ఒక ఏజెన్సీ ఆరు పేజీల చేతిరాత విక్రయ దస్తావేజు పంపి, తెలుగు పదానికి రూపాయిన్నర ఇస్తామంది. పైకి బాగానే ఉందనిపించింది. దాదాపు 1,400 తెలుగు పదాలు, అంటే 2,100 రూపాయలు. ముందు ఒక పేజీ చేసి గడియారం చూసుకున్నాను. ఆ రాత విప్పుకోవడానికే సగం సమయం పోయింది. మొత్తానికి తొమ్మిది గంటలు పడుతుందని తేలింది. గంటకు 233 రూపాయలు, నాకు కావాల్సిన దాంట్లో సగం. తొమ్మిది గంటలకు 4,050 రావాలి. ఇంగ్లీషులో 2,100 పదాలు వస్తాయి కనుక ఇంగ్లీషు పదానికి రెండు రూపాయలు అడిగాను, ఎందుకో కూడా రాశాను. వాళ్ళు 1.80కి ఒప్పుకున్నారు. గంటకు 420 పడింది, చేశాను. ఇంగ్లీషు పదానికి 1.50 దగ్గరే వాళ్ళు ఆగి ఉంటే వదిలేసేదాన్ని.

బర్త్ సర్టిఫికెట్ లాంటి వంద పదాల కాగితాలకు పదాల లెక్కే వద్దు. ఫార్మాటింగ్, ముద్రలు, సంతకాల వివరణ కలిపితే గంట పడుతుంది. కనీస చార్జీ ఒకటి పెట్టుకోండి.

అపోహ: స్థిరమైన క్లయింట్లు ఫ్రీలాన్స్ పనుల వేలంపాట సైట్లలో దొరుకుతారు.

అక్కడ దొరికేది ఒక్కసారి పని. నెలనెలా పని పంపేది ఎవరంటే, తెలుగు కాగితాలు పదేపదే చేతికొచ్చేవాళ్ళు: ఇమిగ్రేషన్ లాయర్లు, వాళ్ళకి పనిచేసే ఏజెన్సీలు, విదేశాల్లో వారసత్వ కేసులు చూసే ఆఫీసులు. అమెరికా ఇమిగ్రేషన్‌కు ఇచ్చే ప్రతి తెలుగు కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. దాంతోపాటు అది సమగ్రం, సరైనది అని, తనకు ఆ సామర్థ్యం ఉందని అనువాదకుడు రాసిచ్చే ధ్రువీకరణ ఉండాలి. నోటరీ అక్కర్లేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళని వాళ్ళు వదులుకోరు.

ప్రోజ్ లాంటి అనువాదకుల డైరెక్టరీలో ప్రొఫైల్ పెట్టేటప్పుడు "అన్ని రంగాలూ చేస్తాను" అని రాయకండి. "భూమి దస్తావేజులు, కోర్టు కాగితాలు" అని రాయండి. వెతికేవాళ్ళు రంగం పెట్టి వెతుకుతారు.

మొదటి పని వచ్చాక వాళ్ళని నిలిపేది చిన్న సంగతులే. పని మొదలుపెట్టకముందే పాస్‌పోర్టులో పేరు స్పెల్లింగ్ అడుగుతాను. చదవలేని చోట ఊహించకుండా "చదవడానికి వీల్లేదు" అని గుర్తు పెడతాను. విస్తీర్ణం దగ్గర మరీ జాగ్రత్త. తెలంగాణ పహాణీలో 2-20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలు ఎకరం కనుక అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర అడంగల్‌లో అదే 2-20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ వంద సెంట్లు ఎకరం. రెండింటికీ 2.20 ఎకరాలు అని రాసిన అనువాదం ఒకటి సరిచేయడానికి ఒక లాయరు ఆఫీసు నుంచి నా దగ్గరికొచ్చింది. ఆ లాయరు ఆఫీసు నాలుగేళ్ళుగా నాకే పంపుతోంది. నేను ఇంగ్లీషు పదవిన్యాసంలో వాళ్ళని మురిపించింది ఏమీ లేదు, ముప్పై సెంట్ల తేడా పట్టుకున్నానంతే.

అపోహ: ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళకే ఈ పని ఇస్తారు.

ఏజెన్సీల ఫారాల్లో అలాగే ఉంటుంది. కానీ పాత తెలుగు చేతిరాత చదవగల ఇంగ్లీషు మాతృభాషీయులు ఎంతమంది ఉంటారు? అందుకే అనువాదం మనవాళ్ళతో చేయించి, ఆ తర్వాత ఇంగ్లీషు ఎడిటర్‌కి చూపిస్తారు. ఆ ఎడిటర్ మార్పులతో ఫైలు తిరిగి పంపమని అడగండి, పంపుతారు. a, an, the వాడకంలో నా తప్పులు సగం అలానే తగ్గాయి.

అపోహ: పని బాగా చేస్తే డబ్బు దానంతట అదే వస్తుంది.

ఒక ఏజెన్సీ నా దగ్గర మూడు నెలల పని చేయించుకుని మాయమైంది. తప్పు సగం నాదే. ప్రోజ్‌లోని బ్లూ బోర్డ్‌లో ఆ ఏజెన్సీతో మళ్ళీ పనిచేస్తారా అన్న ప్రశ్నకు అనువాదకులు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. నేను చూసుకోలేదు. ఇప్పుడు కొత్త క్లయింటు మొదటి బిల్లు తీర్చేదాకా రెండో పెద్ద పని ఒప్పుకోను. నమూనా అనువాదం ఉచితంగా 250 పదాల దాకా ఇస్తాను. అంతకన్నా పొడవైనది అడిగినా, నమూనా కాగితం ఏదో దస్తావేజు మధ్యలోంచి తెగినట్టు మొదలై మధ్యలోనే ఆగినా, అసలు పనినే ఉచితంగా చేయించుకుంటున్నారని అనుకుని రేటు చెప్పి ఊరుకుంటాను. ఆ తర్వాత చాలామంది జవాబివ్వరు.