పంపు కేటలాగులో ఇంచులు, గ్యాలన్లు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పంపులు, స్ప్రేయర్లు అమ్మే షాపులకు ఇంగ్లీషు కేటలాగులు తెలుగు చేసి ఇవ్వడం నా పని. వాటిలోని ఇంచులు, గ్యాలన్లను మిల్లీమీటర్లు, లీటర్లలోకి మార్చడం కూడా అందులో భాగమే. "లెక్క ఫోనే వేసేస్తుంది కదండీ, దానికి మనిషి ఎందుకు?" అని చాలామంది అడుగుతుంటారు. లెక్క వేయడం తేలికే. ఏ అంకెను మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్న దగ్గరే పొరపాట్లు జరుగుతాయి.

అమెరికా మార్కెట్ కోసం తయారైన చిన్న పెట్రోల్ పంపునే తీసుకుందాం. మిర్చికి కాలువ నుంచి నీళ్లు తోడుకునే రైతులు అడిగే రకం. దాని షీట్‌లో ఇలా ఉంటుంది: డెలివరీ 2 ఇంచులు ఎన్‌పీటీ, నిమిషానికి 158 గ్యాలన్లు, సక్షన్ 26 అడుగులు, ట్యాంకు 0.95 గ్యాలన్, బరువు 53 పౌండ్లు.

అపోహ: 2 ఇంచులను 50 మిల్లీమీటర్లని రాస్తే సరిపోతుంది

స్కేలు మీద సరిపోతుంది. ఇంచుకు 25.4 మిల్లీమీటర్లు, రెండింటికి 50.8. కానీ పంపు మీద ఉన్న 2 ఇంచులు సైజు పేరు మాత్రమే. ఆ డెలివరీ త్రెడ్‌ని వెర్నియర్‌తో పట్టి చూడండి, బయట వైపు దాదాపు 60 మిల్లీమీటర్లు వస్తుంది. 50.8 ఎక్కడా కనబడదు.

ఇక రైతు షాపుకి వెళ్తాడు. మన పీవీసీ పైపుల మీద రాసే మిల్లీమీటర్లు పైపు బయటి వ్యాసం. రెండించుల పైపు అడిగితే షాపతను ఇచ్చేది 63. మూడించులంటే 90, నాలుగించులంటే 110. 50 అని ఉన్న పైపును బజారులో అందరూ ఒకటిన్నర ఇంచుల పైపు అంటారు. తెలుగు షీట్‌లో 50 మి.మీ. అని చూసి రైతు ఆ పైపే కొన్నాడనుకోండి, అది పంపుకు నేరుగా ఎక్కదు. రెడ్యూసర్ వేసి ఎలాగో బిగిస్తే, 63 పైపుతో పోలిస్తే నీళ్లు పారే జాగా మూడింట రెండొంతులకు పడిపోతుంది. ఇంజన్ బాగానే తిరుగుతుంది, చివర మాత్రం నీళ్లు తక్కువ వస్తాయి. అప్పుడు తప్పంతా పంపు మీదకు పోతుంది.

మన పంపుల నేమ్‌ప్లేట్ మీద కూడా 50 అనే ఉంటుంది కదా అంటారు. నిజమే, అది లోపలి బోరు సైజు పేరు, పైపు మీద ఉండే 50 బయటి కొలత. రెండూ ఒకే అంకె కాబట్టే ఈ గందరగోళం. అందుకే నేను "2 ఇంచుల డెలివరీ, 63 మి.మీ. పీవీసీ పైపు వాడాలి" అని రాస్తాను. కొనేవాడికి కావలసింది అదే.

ఎన్‌పీటీ అన్న మూడక్షరాలను కూడా వదిలేయకూడదు. అది అమెరికా త్రెడ్. మన దగ్గర వాడేది బీఎస్‌పీ. రెండించుల సైజులో ఎన్‌పీటీకి ఇంచికి పదకొండున్నర చుట్లు, బీఎస్‌పీకి పదకొండు. మొదటి చుట్లు చక్కగా ఎక్కుతాయి, తర్వాత బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే త్రెడ్ చెడుతుంది, లేదా లీకవుతుంది. అడాప్టర్ కావాలని షీట్‌లోనే రాసేయాలి.

అపోహ: గ్యాలన్ ఎక్కడైనా ఒకటే

అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546. ఈ పంపు నిమిషానికి 158 గ్యాలన్లంటే మొదటి లెక్కన 598 లీటర్లు, రెండో లెక్కన 718. లేని 120 లీటర్లను రైతుకు చూపించినట్టవుతుంది. ఏ గ్యాలనో తేల్చుకోవడానికి షీట్‌లో ఎక్కడైనా లీటర్లు కూడా ఇచ్చారేమో వెతకండి. ట్యాంకు దగ్గర 0.95 గ్యాలన్ పక్కన 3.6 లీటర్లని ఉంటే, భాగించి చూడండి. 3.79 దాకా వస్తుంది, అంటే అమెరికా గ్యాలనే.

అపోహ: ఎన్ని దశాంశాలు రాస్తే అంత కరెక్ట్

158ని 3.785తో గుణిస్తే ఫోన్‌లో 598.03 వస్తుంది. అలాగే రాస్తే ఎవరో రెండు దశాంశాల దాకా కొలిచారన్న భ్రమ కలుగుతుంది. 158 చూడగానే నాకు అనుమానం వస్తుంది, ఎందుకంటే 600 లీటర్లను గ్యాలన్లలోకి మారిస్తే సరిగ్గా 158.5 వస్తుంది. ఫ్యాక్టరీ డిజైన్ లీటర్లలోనే చేసి, అమెరికా షీట్ కోసం గ్యాలన్లు చేసి ఉండొచ్చు. ఇలాంటప్పుడు కంపెనీ మెట్రిక్ షీట్ అడిగి తెప్పించుకుంటాను. అది దొరకకపోతే "సుమారు 600 లీటర్లు" అని రాస్తాను. బరువు 24 కిలోలు, అంతే. 24.04 అక్కర్లేదు.

సక్షన్ విషయంలో మాత్రం పైకి సవరించను. 26 అడుగులంటే 7.92 మీటర్లు. దాన్ని 8 చేస్తే చిన్న తేడాగానే కనబడుతుంది, కానీ ఇది గరిష్ఠ పరిమితి. గాలి ఒత్తిడి వల్లే నీళ్లు సక్షన్ పైపులోకి ఎక్కుతాయి, పూర్తి శూన్యంలో కూడా అది పది మీటర్లకు కొంచెం పైన ఆగిపోతుంది. అంచు మీద ఉన్న అంకెను పెంచితే పంపు నీళ్లు పట్టదు. పైగా మన రైతులు బావి లోతును అడుగుల్లోనే చెబుతారు కాబట్టి, ఆ ఒక్కదాన్ని 26 అడుగులుగానే ఉంచి, పక్కన 7.9 మీటర్లని వేస్తాను.