వాక్లీ–బ్లాక్ పేరు రాస్తే సరిపోదు

థీసిస్ రాస్తున్న పిల్లలకు,

మట్టిలో సేంద్రియ కర్బనం కొలిచిన ప్రతి అగ్రికల్చర్ థీసిస్‌లోనూ దాదాపుగా కనిపించే మాట ఒకటుంది: వాక్లీ, బ్లాక్, 1934. గ్రంథచౌర్యం గురించి చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు. మెటీరియల్స్ అండ్ మెథడ్స్ చాప్టర్లో ఎవరి వాక్యాలు వాడినా తప్పులేదని చాలామంది అనుకుంటారు. పద్ధతి అందరిదే, కానీ దాన్ని వివరించిన వాక్యాలు రాసినవాళ్లవి.

మీ ల్యాబ్ మాన్యువల్లో ఇలా ఉందనుకుందాం: "ఒక గ్రాము మట్టికి 10 మి.లీ. పొటాషియం డైక్రోమేట్, 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి అరగంట ఉంచి, నీళ్లు పోసి, ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి." దీన్నే ఎత్తి రాసి, "చేయాలి"ని "చేయబడినది"గా మార్చి, చివర బ్రాకెట్లో రెండు పేర్లు పెడితే అది చౌర్యమే. ఆలోచన ఎవరిదో చెప్పారు సరే, వాక్యం మాత్రం మీదేనన్నట్టు వదిలేశారు.

పుస్తకం మూసి, ల్యాబ్ నోట్‌బుక్ తెరవండి. పశువుల ఎరువు వేసిన మళ్ల మట్టికి ఆమ్లం కలపగానే ద్రావణం పచ్చగా మారిందా? డైక్రోమేట్ చాలలేదన్నమాట. మట్టిని అర గ్రాముకు తగ్గించి మళ్లీ చేసి ఉంటారు. ఆ సంగతే రాయండి. తీర నేలల చవుడు మట్టయితే క్లోరైడ్ వల్ల కర్బనం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. దానికి సిల్వర్ సల్ఫేట్ వాడారా లేదా చెప్పండి. అసలు పద్ధతికి వాక్లీ, బ్లాక్‌లను, మీరు అనుసరించిన మార్పుకు ఆ మాన్యువల్‌ను పేర్కొనండి. ఇలా రాసిన పేరా ఏ మాన్యువల్‌తోనూ అచ్చుగుద్దినట్టు కలవదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ పద్ధతి మట్టిలోని కర్బనాన్ని మొత్తం పట్టుకోదు. సగటున 77 శాతమే వస్తుందని లెక్కగట్టి, ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. ఒకరు గుణించకుండా 0.50 శాతం అని, మరొకరు అదే మట్టికి గుణించి 0.65 శాతం అని రాసి, ఇద్దరూ కింద 1934 అనే పెడితే, మూడో మనిషి ఆ రెండు అంకెలను పోల్చి లేని తేడాను కనిపెడతాడు. గుణకం వాడారో లేదో, ఎక్కణ్నుంచి తీసుకున్నారో చెప్పి తీరాలి.

1934 నాటి వ్యాసాన్ని మీరు చూడకుండా, సీనియర్ థీసిస్‌లోంచి ఆ రెఫరెన్స్ ఎత్తుకోవడం మరీ మామూలైపోయింది. ఆయన పేజీ నంబరు తప్పు రాస్తే ఆ తప్పు మీ జాబితాలోకీ వస్తుంది. పరీక్షకుడు దాన్ని పట్టేది కూడా అలాగే. అసలు వ్యాసం దొరక్కపోతే, ఎవరి పుస్తకంలో చదివారో ఆ పుస్తకం ద్వారా తెలిసిందని వాక్యంలోనే చెప్పి, జాబితాలో మీరు చదివినదాన్నే పెట్టండి.

ఇక శైలులు. అదే వ్యాసం మూడు రకాలుగా ఇలా ఉంటుంది. పొడవైన శీర్షికను ఇక్కడ కుదించాను, మీరు మాత్రం పూర్తిగా రాయాలి.

```
Walkley, A. and Black, I.A. 1934. An examination of... Soil Science. 37: 29-38.
Walkley, A., & Black, I. A. (1934). An examination of... Soil Science, 37(1), 29–38.
7. Walkley A, Black IA. An examination of... Soil Sci. 1934;37(1):29-38.
```

మొదటిది మన అగ్రికల్చర్ థీసిస్‌లలో తరచుగా కనిపించే రకం. రెండోది ఏపీఏ. ఈ రెండింటిలో పాఠం మధ్యన పేరు, సంవత్సరం వస్తాయి. ఏపీఏ బ్రాకెట్లో "అండ్" బదులు & గుర్తు పెడుతుంది. ముగ్గురు, అంతకుమించి రచయితలుంటే మొదటిసారి నుంచే ఒక్క పేరు రాసి et al. అంటుంది. మూడోది వాంకూవర్: పాఠంలో అంకె మాత్రమే ఉంటుంది, జాబితా అక్షరక్రమంలో కాక పాఠంలో వచ్చిన వరుసలో సాగుతుంది. మధ్యలో ఒక కొత్త రెఫరెన్స్ చేరిస్తే చేత్తో రాసుకున్న అంకెలన్నీ జరిగిపోతాయి. వ్యవసాయ పరిశోధనకు పేరు–సంవత్సరమే మేలని నా అభిప్రాయం. ఎరువుల ప్రయోగం 1970లలోదా, నిన్నమొన్నటిదా అన్నది చదువుతుండగానే తెలియాలి, ఎందుకంటే ఈ మధ్యలో రకాలూ మారాయి, మోతాదులూ మారాయి. అయినా మీ యూనివర్సిటీ, మీరు పంపే జర్నల్ ఏది అడిగితే అదే పాటించండి. మూడింటినీ కలగలిపి రాయకండి.

సిమిలారిటీ రిపోర్ట్ గురించి కూడా అడుగుతుంటారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే థీసిస్‌ను ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. రెఫరెన్స్ జాబితాను ఈ లెక్కలోకి తీసుకోరు. కానీ సాఫ్ట్‌వేర్ పోల్చేది పదాలను. వేరొకరి పట్టికలోని దిగుబడి అంకెలను పేరు చెప్పకుండా తెచ్చుకుంటే రిపోర్టులో 4 శాతమే రావచ్చు. అయినా అది చౌర్యమే.

అందుకే ఏ వ్యాసం చదివినా, నోట్సులో రచయిత, సంవత్సరం, పేజీ ముందు రాసుకోండి. ఉన్నదున్నట్టు ఎక్కించిన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. ఆరు నెలల తర్వాత చూసినా ఏది మీ మాటో, ఏది వాళ్లదో తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మీ మట్టి పాఠాల మాస్టారు