సీమ వేరు, జిల్లా వేరు: పటాలు గీసేవాడి అపోహలు - వాస్తవాలు

పటాలు గీయడం నా పని. కొన్నేళ్ల క్రితం ఒక ప్రచురణ సంస్థ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రాంతాల పటం తయారు చేశాను. రాయలసీమ అంటే కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు అని చిన్నప్పటి నుంచి చదువుకున్నదే కదా, ఆ నాలుగు జిల్లాలకూ ఒక రంగు వేసి పంపేశాను. పటం అచ్చయ్యాక గిద్దలూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "మమ్మల్ని కోస్తాలో ఎందుకు కలిపావు బాబూ?" అన్నారు. ప్రకాశం జిల్లా కోస్తాలోదే కదండీ అన్నాను. "జిల్లా ప్రకాశమే. మేం కాదు" అన్నారాయన. ఈ విషయంలో నా లెక్కలన్నీ ఆ ఫోన్‌తోనే మారాయి.

అపోహ: జిల్లా మారితే ప్రాంతం కూడా మారిపోతుంది

గిద్దలూరు, కంభం, మార్కాపురం ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కొంత నెల్లూరు నుంచి, కొంత గుంటూరు నుంచి, ఈ పడమటి భాగం కర్నూలు నుంచి తీసుకున్నారు. రెండేళ్లకు ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. ఇవి నల్లమలకు తూర్పున ఉన్న ఊళ్లు. కర్నూలు వెళ్లాలంటే కొండలు దాటాలి, ఒంగోలు వైపు ఆ అడ్డం లేదు. పాలన సౌకర్యం కోసం చూస్తే ఆ మార్పును తప్పు పట్టలేం.

కానీ రాయలసీమ అన్న పేరు పుట్టిననాటికి ఇవి కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. అంటే ఆ పేరు పరిధిలోనే ఉన్నాయి. 1970లో మారింది కలెక్టరు ఆఫీసు ఉన్న ఊరు. బంధుత్వాలు, మాట తీరు, వాన రాక ఎండిన పొలాలు మారలేదు. అందుకే అక్కడివాళ్లు దరఖాస్తులో "ప్రకాశం" అని రాసి, మాటల్లో మాత్రం సీమవాళ్లమే అనేవారు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. మొదటిది ఏ ఆఫీసుకు వెళ్లాలో చెబుతుంది, రెండోది ఎవరితో కలిసి బతికారో చెబుతుంది.

అపోహ: ప్రాంతాల పేర్లకు చట్టంలో చోటు లేదు, అవి ఊరికే మాటవరసకు

ఇది సగమే నిజం. ఆ మిగతా సగంతోనే గిద్దలూరులాంటి ఊళ్లకు చిక్కు వచ్చింది.

2014 పునర్విభజన చట్టంలో 46వ సెక్షన్ చూడండి. వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి గురించి చెబుతూ రాయలసీమ, ఉత్తర కోస్తా అని పేర్లతోనే రాశారు. పార్లమెంటు చేసిన చట్టంలోనే ప్రాంతం పేరు ఉందన్నమాట. అయితే డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి ప్రాంతానికి ఖాతా ఉండదు, హద్దు రాయి ఉండదు. కాబట్టి దాన్ని జిల్లాల జాబితాగా మార్చారు: సీమలో నాలుగు, ఉత్తర కోస్తాలో మూడు, మొత్తం ఏడు. జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున ఇచ్చారు. ప్రకాశం ఆ జాబితాలో లేదు. కాబట్టి అందులోని పడమటి మండలాలూ లేవు.

ఉద్యోగాల జోన్లలోనూ ఇదే జరిగింది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సీమ నాలుగు జిల్లాలను నాలుగో జోన్‌లో పెట్టింది. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడో జోన్. అంతకు ఐదేళ్ల ముందు జరిగిన జిల్లా మార్పు గిద్దలూరు కుర్రాడు ఏ జోన్‌లో లోకల్ అవుతాడో కూడా తేల్చేసింది. "ఈ పథకం రాయలసీమకు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: ఏ ఏడాది, ఏ జిల్లాల జాబితా ప్రకారం? ఆ జాబితా చూడకుండా రంగు వేస్తే నాకు వచ్చినట్టే ఫోన్ వస్తుంది.

అపోహ: ప్రాంతం పేరు ప్రాచీనం, జిల్లా పేరు కొత్తది

చాలాచోట్ల నిజమే గానీ సీమ విషయంలో తిరగబడుతుంది. నిజాం 1800లో ఈ నేలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక దీన్ని దత్తమండలాలు అనేవారు. ఆ పేరు ఇక్కడివాళ్లకు నచ్చలేదు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన భూమి అని పిలిపించుకోవడం ఎవరికి మాత్రం బాగుంటుంది? 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ పేరు స్థిరపడింది. అనంతపురం జిల్లా 1882లోనే ఏర్పడింది. అంటే జిల్లా కంటే ప్రాంతం పేరు నలభై ఆరేళ్లు చిన్నది.

దత్తమండలాలూ ఇప్పటి సీమా ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. బళ్లారి దత్తమండలాల్లోదే. 1953లో ఆ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మాత్రం మైసూరుకు వెళ్లింది. ఇటు 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చినవి, మిగతా చాలా భాగం ఉత్తర ఆర్కాటుది. అయినా ఇవాళ చిత్తూరు లేని సీమను ఎవరూ ఊహించరు.

అపోహ: జిల్లాకు ప్రాంతం పేరు పెట్టేస్తే గొడవ తీరిపోతుంది

తీరదు, ఇంకాస్త ముదురుతుంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేసినప్పుడు లోక్‌సభ నియోజకవర్గాన్నే కొలతగా తీసుకున్నారు. నరసరావుపేట లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ కలిసి పల్నాడు జిల్లా అయ్యాయి. కారంపూడి, మాచర్ల, గురజాల పల్నాడని చెబితే పల్నాటి యుద్ధం కథ విన్నవాళ్లెవరూ కాదనరు. చిలకలూరిపేట పల్నాడు అంటే మాత్రం అక్కడివాళ్లే ఒక్క క్షణం ఆగుతారు.

కోనసీమ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్య, సముద్రం వరకు ఉన్న లంకభూమి అది. దాని హద్దు గీసింది నది. కానీ 2022లో గీసిన కోనసీమ జిల్లా గౌతమి దాటి రామచంద్రపురం, మండపేట వరకు వెళ్లింది. దాంతో ద్రాక్షారామం కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఏరు మాత్రం ఎప్పుడూ పారే చోటే పారుతోంది.

ఇలాంటి చోట "పల్నాడు" అని ఒట్టిగా రాయను. జిల్లా అయితే "పల్నాడు జిల్లా" అని, ప్రాంతమైతే "పల్నాటి ప్రాంతం" అని రాస్తాను. కంప్యూటర్‌లో ఊళ్ల పట్టిక తయారు చేసేవాళ్లు చేసే పెద్ద తప్పు కూడా ఇక్కడే ఉంది. ప్రాంతం కింద జిల్లా, జిల్లా కింద మండలం అని మెట్లుగా పేరుస్తారు. అలా పేర్చితే జిల్లా మారిన రోజే ఊరి ప్రాంతం కూడా తెలియకుండా మారిపోతుంది. ఊరికి జిల్లాను తేదీలతో సహా ఒక గడిలో, ప్రాంతాన్ని విడిగా ఇంకో గడిలో రాసుకోవాలి. ఒక ఊరికి రెండు ప్రాంతాలు రాయాల్సి వచ్చినా కంగారు పడనక్కర్లేదు. సరిహద్దు ఊళ్లలో అదే నిజం కావచ్చు.

పటం మీద నేనిప్పుడు ప్రాంతానికి గీత గీయను, రంగూ వేయను. జిల్లాలకు గీతలు గీసి, వాటి మీదుగా ప్రాంతం పేరును అక్షరాలు దూరదూరంగా, కాస్త వంపుగా రాస్తాను. చదివేవాడికి ఎక్కడుందో తెలుస్తుంది, ఎక్కడ ఆగిందో చెప్పినట్టు ఉండదు. పోయినసారి రాయలసీమ పేరులోని చివరి "మ" నల్లమల దాటి గిద్దలూరు దగ్గర పడేలా రాశాను. ఒంగోలు నుంచి ఇంతవరకు ఫోన్ రాలేదు.